'యో' జారిపోయే రోజు

కొరియన్ సీరియళ్లలో ప్రేమికుల మధ్య దూరం తగ్గిన క్షణం సబ్‌టైటిళ్లలో సరిగ్గా కనబడదు. అది వాక్యం చివర వినబడుతుంది.

తెలుగులో మీరు, నువ్వు అనే తేడా ఎదుటివారి గురించి మాట్లాడినప్పుడే బయటపడుతుంది. 'వాన పడుతోంది' అనే మాటను ఎవరితోనైనా అనొచ్చు. మర్యాదకు 'అండీ' చేర్చడం మన ఇష్టం. కొరియన్‌లో ఆ వెసులుబాటు లేదు. వాన గురించి చెప్పినా సరే, వినేవారితో మన చనువెంతో క్రియ చివర తేలాల్సిందే. మర్యాదగా అయితే 'బి వాయో', చనువుగా అయితే 'బి వా'. అందుకే ఇద్దరు దగ్గరైతే వాళ్లు పలికే ప్రతి వాక్యమూ మారుతుంది.

స్నేహితులు కుదిర్చిన మొదటి పరిచయంలో ఒక జంట కలిసిందనుకుందాం. భోజనం చేశారా అని అడగడానికి అబ్బాయి 'షిక్సా హషొస్సొయో?' అంటాడు. ఇందులో రెండు మర్యాదలున్నాయి. మధ్యలోని 'షొ' తిన్న మనిషికి, చివరి 'యో' వింటున్న మనిషికి. ఇక్కడ ఆ ఇద్దరూ ఒకరే. నాలుగు సార్లు కలిశాక 'బాప్ మొగొస్సొయో?' అవుతుంది. గౌరవపదం పోయి ఇంట్లో వాడే మాట వచ్చింది, 'షొ' జారిపోయింది, 'యో' మాత్రం మిగిలింది. ఆ 'యో' కూడా పోతే 'బాప్ మొగొస్సొ?', అంటే 'అన్నం తిన్నావా?'. ఈ చనువు మాటనే బన్మల్ అంటారు. దాంతోపాటు 'నేను' అని వినయంగా చెప్పే 'జొ' కాస్తా మామూలు 'నా' అవుతుంది. పేరు చివరి 'షి' పోయి 'ఒప్పా', 'జాగియా' లాంటి పిలుపులు వస్తాయి.

'యో' దానంతటదే పోదు, సాధారణంగా అడిగి వదిలేస్తారు. 'మాల్ నోఉల్కాయో?', మర్యాద మాట పక్కన పెడదామా అని. చూడండి, అలా అడిగే ప్రశ్న చివర కూడా 'యో' ఉంది! వయసులో పెద్దవారు అడగడం, లేదా చిన్నవారే 'మీరు చనువుగా మాట్లాడండి' అనడం మామూలు. అడగకుండా మొదటి రోజే బన్మల్‌లోకి దిగితే ఎదుటివారు చిన్నబుచ్చుకుంటారు. ఒప్పుకున్నాక కూడా కొన్నాళ్లు రెండూ కలగలిసిపోతాయి. ఒక వాక్యం 'యో'తో, తర్వాతిది 'యో' లేకుండా. ఆ తడబాటు నాకు చాలా ఇష్టం. మనసు ముందుకెళ్లినా నాలుక ఇంకా అలవాటు పడలేదని అందులో తెలుస్తుంది.

అయితే 'యో' లేనంత మాత్రాన ప్రేమ అనుకోకూడదు. పిల్లలతో మాట్లాడేదీ, రోడ్డు మీద కోపంతో అరిచేదీ ఈ బన్మల్‌లోనే. ప్రేమో చులకనో చెప్పేది పిలుపూ గొంతూ. పెళ్లయ్యాక కూడా కావాలనే పరస్పరం 'యో' కొనసాగించే దంపతులున్నారు. ఎప్పుడూ బన్మల్‌లో మాట్లాడుకునే జంటలో మాత్రం ఒకరు ఉన్నట్టుండి 'యో' మొదలుపెడితే, ఏదో గొడవ జరిగిందని రెండోవారికి వెంటనే అర్థమవుతుంది.