తిరగబడిన తేదీ

టీసీ చేతికి రాగానే మనం చూసేవి రెండే. పిల్లవాడి పేరు ఉందా, గుండ్రటి స్టాంపు పడిందా అని. మా పక్క వీధిలో బైకులు బాగుచేసే తమ్ముడు కూడా 2025 జూన్‌లో అంతే చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళబ్బాయికి నవోదయ విద్యాలయంలో ఆరో తరగతి సీటు వచ్చింది. తెల్లవారితే బడికి వెళ్ళి కాగితాలు అప్పగించాలి. ఆ రాత్రి మా ఇంటికొచ్చి, "అన్నా, ఇవన్నీ ఒకసారి చూసిపెట్టవా" అన్నాడు.

టీసీని విడిగా చదివితే తప్పు కనబడదు. పక్కన మరో కాగితం పెట్టుకుంటేనే దొరుకుతుంది. అందుకే బల్ల మీద మూడింటినీ వరసగా పరిచాం: మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, పాత బడి ఇచ్చిన టీసీ, నవోదయ వాళ్ళ ఎంపిక లేఖ. ధ్రువపత్రంలో పుట్టిన తేదీ 04-05-2013. ఎంపిక లేఖలోనూ 04-05-2013. టీసీలో మాత్రం 05-04-2013.

ఇరవై తొమ్మిది రోజుల తేడా

మే 4 కాస్తా ఏప్రిల్ 5 అయింది. నెల కూడా నిండని తేడాకు ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది. కానీ ఆ ఏడాది నవోదయ ఆరో తరగతికి పెట్టిన వయసు నిబంధన ఇది: 2013 మే 1 నుంచి 2015 జూలై 31 లోపు పుట్టి ఉండాలి. అసలు తేదీ ప్రకారం అబ్బాయి మూడు రోజుల తేడాతో హద్దు లోపల ఉన్నాడు. టీసీ ప్రకారమైతే 26 రోజుల తేడాతో హద్దు బయట పడ్డాడు. పరీక్షలో ఎంపికైనంత మాత్రాన సీటు మీద హక్కు రాదనీ, కాగితాల పరిశీలనలో అర్హత తేలితేనే ప్రవేశమనీ నవోదయ తన సమాచార పత్రంలో ముందే చెబుతుంది.

ఇలా రోజూ నెలా తారుమారు కావడానికి ఒక లెక్క ఉంది. నెలలో 12వ తేదీ తర్వాత పుట్టినవాళ్ళకు ఈ బెడద లేదు. పదమూడో నెల ఉండదు కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది. 1 నుంచి 12 లోపు తేదీల్లో పుట్టినవాళ్ళదే ఇబ్బంది. ఏడాదిలో అలాంటి రోజులు 144. వాటిలో జనవరి 1, ఫిబ్రవరి 2 లాంటి పన్నెండు రోజులు తిరగేసినా మారవు. మిగిలిన 132 రోజుల్లో మీ పిల్లల పుట్టినరోజు ఉంటే తేదీని రెండుసార్లు చదవండి.

టీసీలో తేదీని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తారు. రెండూ ఒకటే ఉంటే సరిపోయిందనుకుంటాం. మన టీసీలో అక్షరాల్లో కూడా 'ఫిఫ్త్ ఏప్రిల్' అనే ఉంది. రాసే గుమాస్తా అంకెలు చూసే అక్షరాలు రాస్తాడు కనుక తప్పు అంకె నుంచి తప్పు అక్షరమే పుడుతుంది. రెండూ కలవకపోతే తప్పు ఉన్నట్టే. రెండూ కలిసినంత మాత్రాన తప్పు లేనట్టు కాదు.

తప్పు ఎక్కడ పుట్టింది?

టీసీ అనేది స్వతంత్రమైన కాగితం కాదు. బడిలో చేరిన రోజున అడ్మిషన్ రిజిస్టరులో రాసిన వివరాలకు అది నకలు. అందుకే టీసీ మీద అడ్మిషన్ నంబరు ఉంటుంది. తేదీ తప్పని తేలగానే అడగాల్సిన మొదటి ప్రశ్న, "సార్, రిజిస్టరులో ఏముంది?" అని.

మర్నాడు పొద్దున్నే నవోదయకు ఫోన్ చేసి ఒక రోజు గడువు అడిగి, ఇద్దరం పాత బడికి వెళ్ళాం. హెడ్మాస్టరు బీరువాలోంచి రిజిస్టరు తీయించారు. చేత్తో రాసిన వరసలో 04-05-2013 అని స్పష్టంగా ఉంది. కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు తిరగబడిందన్నమాట. ఇది నకలు తప్పు. దిద్దడం హెడ్మాస్టరు చేతిలో పని. పాత టీసీ వెనక్కి తీసుకుని, రద్దు చేసి, రిజిస్టరు ప్రకారం కొత్తది ఇచ్చారు. ఉన్న కాగితం మీదే వైట్నరు పూసి దిద్దిస్తామంటే ఒప్పుకోకండి. కొట్టివేతా దిద్దుబాటూ ఉన్న తేదీని ఏ పరిశీలకుడైనా అనుమానంగానే చూస్తాడు.

రిజిస్టరులోనే తప్పు ఉంటే కథ వేరు. అప్పుడు హెడ్మాస్టరు సొంతంగా కలం పెట్టకూడదు. తల్లిదండ్రులు జనన ధ్రువపత్రం జతచేసి అర్జీ ఇవ్వాలి, అది విద్యాశాఖ అధికారులకు వెళ్ళి అనుమతి రావాలి. అందుకు సమయం పడుతుంది. అయినా పిల్లలు చిన్న తరగతుల్లో ఉన్నప్పుడే ఆ పని చేయించుకోవాలి. పదో తరగతి పరీక్షలకు పేర్లు పంపేటప్పుడు రిజిస్టరులోని తేదీయే వెళ్తుంది, అదే మెమో మీద అచ్చవుతుంది. మెమోలో పడ్డ తప్పును రిజిస్టరు చూపించి దిద్దించుకోవచ్చు. రిజిస్టరు, మెమో రెండూ ఒకే తప్పు చెబుతుంటే చూపించడానికి బడిలో ఏమీ మిగలదు.

ఆధార్ ఉంది కదా అనుకునేవాళ్ళూ ఉన్నారు. 2024 అక్టోబరులో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో మృతుడి వయసు ఆధార్‌లో ఒకలా, స్కూలు సర్టిఫికెట్‌లో ఒకలా ఉంటే, సుప్రీంకోర్టు స్కూలు సర్టిఫికెట్‌నే లెక్కలోకి తీసుకుంది. ఆధార్ గుర్తింపు కోసమే గాని పుట్టిన తేదీకి రుజువు కాదంది.

ఏ తరగతి వదిలాడు?

కొత్త టీసీ చేతికొచ్చాక రెండో తప్పు కనబడింది. 'బడి వదిలేనాటికి చదువుతున్న తరగతి' అన్న చోట ఆరు అని ఉంది. మనవాడు చదివింది ఐదు. గుమాస్తా గారిని అడిగితే ఆయన దగ్గరా సమాధానం ఉంది. ఆ బడిలో ఏడో తరగతి దాకా ఉంది. జూన్ 12న బడులు తెరిచాక పాసైన పిల్లలందరి పేర్లూ పై తరగతి హాజరు పట్టీలోకి ఎక్కించారు. మనవాడి పేరూ ఎక్కింది. ఆ తర్వాత వారానికి తండ్రి టీసీ కోసం వెళ్ళాడు. కాబట్టి లెక్క ప్రకారం అతను ఆరో తరగతి విద్యార్థే.

ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. కానీ ఆ అబ్బాయి ఏప్రిల్ 23న, ఆఖరి పనిదినం దాకా ఐదో తరగతిలో కూర్చుని వెళ్ళాడు. ఆరో తరగతిలో ఒక్క రోజూ కూర్చోలేదు. 2025-26లో నవోదయ ఆరో తరగతిలో చేరేవాళ్ళు 2024-25లో ఐదో తరగతి చదివినవాళ్ళై ఉండాలి, అంతకు ముందే ఐదు పాసైనవాళ్ళు పనికిరారు. ఆరు వదిలి మళ్ళీ ఆరులో చేరుతున్నట్టు టీసీ చెబితే, ఐదు ఎప్పుడు చదివాడన్న ప్రశ్న పుడుతుంది.

అందుకే తరగతి గడిని ఒంటరిగా చదవకూడదు. దాంతోపాటు మూడు గడులు చూడాలి: బడికి చివరిసారి వచ్చిన తేదీ, టీసీ ఇచ్చిన తేదీ, పై తరగతికి అర్హత. మనకు కావలసింది 'ఐదు పూర్తి, ఆరుకు అర్హుడు, చివరి హాజరు ఏప్రిల్ 23'. టీసీ ఇచ్చిన తేదీ జూన్‌లో ఉన్నా ఫర్వాలేదు. హెడ్మాస్టరు హాజరు పట్టీ చూసి ఒప్పుకున్నారు. రోమన్ అంకెల్లో రాసే బడుల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. నాలుగుకూ ఆరుకూ అవే రెండు అక్షరాలు, వరస మాత్రమే మారుతుంది. పక్కన అక్షరాల్లో 'సిక్స్' అనో 'ఆరు' అనో రాయమని అడగండి.

రిమార్కుల గడి

చివరికి మిగిలేది రిమార్కులు. చాలామంది చదవనిదీ, కొత్త బడివాళ్ళు ముందుగా చదివేదీ ఇదే. ప్రవర్తన గడిలో 'గుడ్' అనో 'శాటిస్‌ఫాక్టరీ' అనో ఉంటే చాలు, రెండోదాన్ని మచ్చగా అనుకోనక్కర్లేదు. చూడాల్సింది బడి వదలడానికి కారణం. తల్లిదండ్రుల కోరికపై అని ఉంటే మామూలే. దీర్ఘకాలం గైర్హాజరు వల్ల పేరు తొలగించినట్టు ఉంటే, అది నిజమో కాదో అక్కడికక్కడే హాజరు పట్టీతో తేల్చుకోవాలి. ఫీజు బకాయి ఉన్నట్టు రాసి ఉంటే రసీదు చూపించి తీసేయించాలి. ఖాళీ గడి కూడా ప్రమాదమే. పై తరగతికి అర్హుడా అన్న చోట ఏమీ రాయకుండా వదిలేస్తే, కొత్త బడివాళ్ళు తమకు తోచింది అనుకుంటారు. రాయడానికి ఏమీ లేని చోట గీత గీయించాలి.

ఎంపిక లేఖనూ ఇలాగే చదవాలి, కానీ ఒక తేడా గుర్తుంచుకోవాలి. అందులోని తేదీ మీరు దరఖాస్తులో ఇచ్చిందే. నెట్ సెంటరులో ఎవరో టైపు చేసిన పొరపాటు లేఖలో అలాగే తిరిగి వస్తుంది. టీసీలోని తప్పు పాత బడిదైతే, లేఖలోని తప్పు తరచూ మన ఇంటిదే. తేదీ, తరగతి చూశాక 'తాత్కాలికం' అన్న మాటా, దాని కింద రాసిన షరతులూ చదవాలి. ఏ కాగితాలు, ఏ తేదీలోగా అన్నది అక్కడే ఉంటుంది.

గడువు భయంతో తప్పుల టీసీనే పట్టుకుపోయేవాళ్ళు చాలామంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లోకి మారేటప్పుడు టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదు. నవోదయ లాంటి ప్రత్యేక బడులకూ, ఎయిడ్ లేని ప్రైవేటు బడులకూ మారేటప్పుడు ఆ రక్షణ లేదు. అక్కడ గడువు అడిగి తీసుకోవాల్సిందే.

మూడో టీసీ చేతికి వచ్చేసరికి పదకొండున్నర అయింది. గుమాస్తా గారు కంప్యూటరులో కూడా తేదీ దిద్దారు. యూడైస్‌లో పాత బడి పెట్టిన వివరాలే కొత్త బడికి వెళ్తాయి కనుక, కాగితం దిద్ది తెర మీది తప్పును వదిలేస్తే అది మళ్ళీ ఎదురొస్తుంది. బయటికొచ్చి టీ తాగుతూ తమ్ముడు ఆ టీసీని వేలితో గడి గడికీ గుచ్చి చదివాడు. పూర్తయ్యాక తలెత్తి, "అన్నా, నా పదో తరగతి మెమోలో పుట్టినరోజు జూన్ 1 అని ఉంటుంది. మా అమ్మేమో నేను సంక్రాంతికి పుట్టానంటుంది" అన్నాడు.