పాట వినిపిస్తోంది, బొమ్మ రావట్లేదు

పెళ్లి టీజర్ ఎడిటర్ కంప్యూటర్‌లో చక్కగా ఆడింది. నాణ్యత తగ్గకూడదని దాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో డాక్యుమెంట్‌గా పెట్టాడు. కాసేపటికే పెళ్లికూతురి మేనమామ ఫోన్: “బాబూ, సన్నాయి వినిపిస్తోంది గానీ బొమ్మ రావట్లేదు.” తెర నల్లగా ఉంది. ఫైలు పేరు చివర మాత్రం `.mp4` అనే ఉంది.

స్టూడియోల్లో తరచూ ఎదురయ్యే చిక్కే ఇది. ఎంపీ4 అన్నది పైడబ్బా మాత్రమే. లోపల బొమ్మను కుదించిన పద్ధతిని కోడెక్ అంటారు. 2003లో వచ్చిన హెచ్.264 కోడెక్‌ను విప్పే ఏర్పాటు దాదాపు ప్రతి ఫోన్ చిప్‌లోనూ ఉంటుంది. ఈ టీజర్ కూడా హెచ్.264లోనే ఉంది. అయినా ఆడలేదు. ఎందుకంటే ఆ కోడెక్‌లోనే రకాలున్నాయి. పెళ్లి తీసిన కెమెరా రంగులను 10 బిట్లలో, 4:2:2 పద్ధతిలో రికార్డు చేసింది. ఫైలు మార్చేటప్పుడు ఎడిటర్ రంగుల సంగతి చెప్పకపోవడంతో అవి అలాగే ఉండిపోయాయి. ఫోన్ చిప్‌లు మాత్రం హెచ్.264లో సాధారణంగా 8 బిట్ల 4:2:0 వరకే విప్పగలవు. కంప్యూటర్‌లో ఆ పని సాఫ్ట్‌వేర్ చేసేస్తుంది కాబట్టి ఎడిటర్‌కు తేడా తెలియలేదు.

పంపేముందే దీన్ని పట్టుకోవచ్చు. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే `Bit depth` ఎదురుగా 8 అనీ, `Chroma subsampling` ఎదురుగా 4:2:0 అనీ కనిపించాలి. లేదంటే ఈ ఒక్క కమాండ్ చాలు:

```
ffmpeg -i pelli.mov -c:v libx264 -pix_fmt yuv420p -c:a aac pelli.mp4
```

ఇందులో అసలు మందు `yuv420p`. `aac` ధ్వనికి సంబంధించినది. అదీ ఫోన్లన్నింటికీ అలవాటైనదే.

డాక్యుమెంట్‌గా కాకుండా మామూలు వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్లీ కుదిస్తుంది. హెచ్‌డీ ఎంచుకున్నా కుదింపు తప్పదు, కాస్త తగ్గుతుందంతే. ఆ దెబ్బ ముందుగా తగిలేది తలంబ్రాల సన్నివేశానికే. వందల గింజలు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటాయి, ముందు ఫ్రేము నుంచి అరువు తెచ్చుకునేది తక్కువ. దాంతో ముఖాల చుట్టూ గళ్లు గళ్లుగా కనబడుతుంది. అలాంటి క్లిప్‌ను డాక్యుమెంట్‌గా పంపడమే మేలు. 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు చేరుతుంది.

ఇక స్టేటస్. అక్కడ నిలువు తెర, 9:16. అడ్డంగా తీసిన 1920×1080 బొమ్మను నిలువుగా కోస్తే వెడల్పులో మిగిలేది సుమారు 607 పిక్సెళ్లే. జీలకర్రబెల్లం పెట్టే క్షణంలో వధూవరులిద్దరూ ఎదురెదురుగా ఉంటారు; కోతలో ఒకరి చేయో, మరొకరి ముఖమో ఎగిరిపోతుంది. 4కేలో తీసి ఉంటే 1215 పిక్సెళ్లు మిగులుతాయి, అంటే స్పష్టత దక్కుతుంది. కానీ ఫ్రేము మాత్రం అంతే ఇరుకు. అందుకే ఆ ఒక్క షాట్‌ను కోయకుండా నిలువు తెర మధ్యలో అడ్డంగానే ఉంచి, పైనా కిందా అదే బొమ్మను మసకగా నింపడం మంచిది. ఒంటరిగా నిలబడిన పెళ్లికూతురి షాట్లను మాత్రం నిస్సంకోచంగా నిలువుకు కోయవచ్చు.