అమ్మినవాడికే తెలిసిన సంగతులు: సేల్స్ నుంచి మార్కెటింగ్‌కు మారే దారి

సేల్స్‌లో నాలుగైదేళ్లు ఎండలో తిరిగాక మార్కెటింగ్‌లోకి మారాలనుకునేవాళ్లు చాలామంది. అదే హోదాలో, దాదాపు అదే జీతానికి పక్క విభాగానికి వెళ్లడమే కదా అనుకుని రెజ్యూమె పంపిస్తారు. పిలుపు మాత్రం రాదు. ఆ కాగితం తీసి చూస్తే కారణం తెలిసిపోతుంది. టార్గెట్ ఎంత, సాధించింది ఎంత, ఎంతమంది డీలర్లు, ఏ ఏరియా... ఇవన్నీ ఎంత అమ్మారో చెబుతాయి. మార్కెటింగ్ మేనేజరుకు కావలసినవి వేరు. కొనేవాళ్లు ఎందుకు కొన్నారు? ఎందుకు వెనక్కి తగ్గారు? అది గమనించి మీరేం చేశారు, దానివల్ల ఏం మారింది? ఈ జవాబులు సేల్స్ మనిషి దగ్గర ఉంటాయి, కానీ రెజ్యూమెలో కనపడవు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. విజయవాడ ప్రాంతంలో ఒక పెయింట్ కంపెనీకి పనిచేస్తున్న సేల్స్ ఎగ్జిక్యూటివ్ ఉన్నాడు. అతని చేతిలో 45 దుకాణాలు. గోడల చెమ్మను ఆపే వాటర్‌ప్రూఫ్ కోటింగ్ అతని ఏరియాలో సరిగా కదలడం లేదు. డీలర్లను అడిగితే అందరిదీ ఒకటే మాట, ‘రేటు ఎక్కువ సార్.’ చాలామంది ఇదే మాటను కస్టమర్ అభిప్రాయంగా రాసుకుని ఊరుకుంటారు. నిజానికి ఇది డీలర్ మాట. స్కీమ్ పెంచితే బాగుండునన్న ఆశ కూడా అందులో కలిసి ఉంటుంది.

కస్టమర్ మనసు తెలియాలంటే కౌంటర్ పక్కన నిలబడి వినాలి. మన ఎగ్జిక్యూటివ్ మూడు వారాల పాటు, ఏ దుకాణానికి వెళ్లినా ఓ అరగంట అదనంగా ఆగాడు. చెమ్మ గురించి అడిగినవాళ్ల మాటలను ఉన్నవి ఉన్నట్టుగా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. వచ్చింది ఇంటి యజమానా, పెయింటరా, ఏం అడిగారు, చివరికి ఏం కొన్నారు? ఇవి మాత్రం విడివిడి గడుల్లో నింపాడు. ఒక విషయం పదే పదే వచ్చింది. ఇంటాయన వాటర్‌ప్రూఫ్ కోటింగ్ గురించి అడుగుతున్నాడు, పక్కనున్న పెయింటర్ ‘మామూలు రంగే వేద్దాం సార్’ అంటున్నాడు. ఎందుకలా అంటున్నారని పెయింటర్లతో విడిగా మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. వేసిన కోటింగ్ ఏడాదికే పొక్కులొచ్చి రాలిపోతే ఇంటాయన పెయింటర్‌నే పట్టుకుంటాడు. మళ్లీ ఉచితంగా వేసివ్వాలి, కూలీ అంతా నష్టం. అంటే రేటు కన్నా ఈ భయమే పెద్ద అడ్డంకి.

ఆ భయానికి కారణం కూడా ఉంది. గోడ లోపల తడి ఆరకముందే పైన కోటింగ్ వేస్తే అది పట్టు నిలవదు. లోపల పైపు కారుతున్నా, పునాది నుంచి చెమ్మ పైకి పాకుతున్నా పైపూత ఒక్కటే దాన్ని ఆపలేదు. కంపెనీ ప్రచారమేమో ఇంటి యజమానికి గ్యారంటీ గురించి చెబుతోంది. గోడ దగ్గర నిర్ణయం చేసే పెయింటరుకు పనికొచ్చే మాట అందులో లేదు. ఇంటి యజమాని, పెయింటర్, డీలర్ ముగ్గురి అవసరాలనూ విడదీసి చూడగలిగినప్పుడే అది మార్కెటింగ్‌కు పనికొచ్చే పరిశీలన అవుతుంది.

అతను ఈ సంగతినంతా ఒక్క పేజీలో రాసి మార్కెటింగ్ విభాగానికి పంపాడు. ఎలాగూ పెయింటర్ మీట్‌లు జరగాల్సి ఉన్నాయి. వాటిలో ఉపన్యాసం తగ్గించి, తేమను కొలిచే మీటరుతో గోడను పరీక్షించి చూపించారు. కారుతున్న చోటు బాగుచేయడం, గోడను ఆరనివ్వడం, తెల్లగా పూసిన ఉప్పును గీకేయడం, ఆ తర్వాతే కోటింగ్ వేయడం. ఈ వరుసను తెలుగులో ఒక కార్డు మీద అచ్చువేసి పంచారు. ప్రచారం రూపొందించింది మార్కెటింగ్ వాళ్లే. అతను సంగతి అందించాడు, పెయింటర్లను పిలిచాడు, కార్డులోని మాటలను వాళ్ల భాషలోకి సరిచేశాడు, ఫలితం లెక్కగట్టాడు. ప్రొఫైల్‌లోనూ అంతే రాయాలి. ‘క్యాంపెయిన్‌కు నాయకత్వం వహించాను’ అని రాసుకుంటే, బడ్జెట్ ఎంత, ఏజెన్సీకి ఏం చెప్పారు అన్న రెండు ప్రశ్నలకే ఇంటర్వ్యూలో దొరికిపోతాం.

చాలామంది తప్పటడుగు వేసేది ఫలితం లెక్క దగ్గరే. జూన్‌లో మీట్ పెట్టి, జూలైలో అమ్మకం పెరిగిందంటే అందులో వానల వాటా ఎంతో ఎవరికి తెలుసు? అందుకని అతను మీట్ జరిగిన ఆరు దుకాణాలను, దాదాపు అంతే అమ్మకం ఉండి మీట్ జరగని మరో ఆరింటితో పోల్చాడు. మీట్ జరిగిన చోట నెలసరి అమ్మకం 1,200 లీటర్ల నుంచి 1,560కి పెరిగింది, అంటే 30 శాతం. జరగని చోట కూడా 10 శాతం పెరిగింది. కాబట్టి ప్రచారం వల్ల వచ్చిందని చెప్పుకోదగ్గది 20 శాతం దాకా. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాడు. కంపెనీ డీలరుకు వేసిన బిల్లును కాకుండా, డీలర్ కౌంటర్ మీద అమ్మిన సరుకునే లెక్కలోకి తీసుకున్నాడు. నెలాఖరులో టార్గెట్ కోసం గోడౌన్‌లోకి తోసిన సరుకు కస్టమర్ కొన్నట్టు కాదు. ఈ తేడా తెలిసిన మనిషిని మార్కెటింగ్ వాళ్లు వెంటనే గుర్తుపడతారు.

ఇప్పుడు రెజ్యూమెకు వద్దాం. పాత వాక్యం ఇలా ఉండేది: ‘45 డీలర్లను నిర్వహించి, టార్గెట్‌లో 112 శాతం సాధించాను.’ కొత్తది ఇలా ఉంటుంది: ‘వాటర్‌ప్రూఫ్ కోటింగ్‌ను పెయింటర్లు వద్దనడానికి ఉచితంగా మళ్లీ వేయాల్సి వస్తుందన్న భయం కారణమని కౌంటర్ పరిశీలనలో గుర్తించాను. ఆ ఆధారంతో మార్కెటింగ్ విభాగం మార్చిన పెయింటర్ మీట్‌లను ఆరు దుకాణాల్లో నిర్వహించాను. మీట్ జరగని దుకాణాలతో పోలిస్తే అమ్మకం పెరుగుదల 20 శాతం పాయింట్లు ఎక్కువ.’ పైన ఇలాంటి అనుభవాలు రెండు చాలు. పాత టార్గెట్ లెక్కలను తీసేయొద్దు, వాటి కిందకు దింపితే సరిపోతుంది. డీలర్ల పేర్లు, మార్జిన్లు, విడుదల కాని స్కీముల వివరాలు మాత్రం ఎక్కడా రాయకూడదు. బయటి కంపెనీకి పంపేటప్పుడు లీటర్ల లెక్క కూడా వదిలేసి, శాతాలు చెబితే చాలు.

ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నదీ ముఖ్యమే. టీవీ ప్రకటనలు చూసే బ్రాండ్ టీమ్ కన్నా డీలర్లు, పెయింటర్ల కోసం కార్యక్రమాలు నడిపే ట్రేడ్ మార్కెటింగ్ ఈ అనుభవానికి దగ్గరి తలుపు. కొత్త సరుకును ఒక ప్రాంతంలో ప్రవేశపెట్టే ప్రొడక్ట్ ఎగ్జిక్యూటివ్ పని ఆ తర్వాతిది. ముందుగా సొంత కంపెనీలో అడగడం మేలు, ఎందుకంటే ఆ ఒక్క పేజీ నోటు అక్కడివాళ్లు ఇప్పటికే చదివి ఉంటారు. జీతం సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. సేల్స్‌లో చేతికొచ్చేదాంట్లో ఇన్సెంటివ్ వాటా పెద్దదైతే, మూల జీతం అంతే ఉన్నా నెలకు అందే మొత్తం తగ్గవచ్చు. ఇంట్లో ఈఎంఐలున్నవాళ్లు ఆ లెక్క వేసుకున్నాకే రెజ్యూమె పంపాలి.

పంపే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. మీరు రాసిన ప్రతి వాక్యం పక్కనా ‘ఇది మీకెలా తెలుసు?’ అని రాసుకుని, జవాబు గట్టిగా చెప్పి చూడండి. నోట్‌బుక్, దుకాణం, తేదీ, లెక్క... వీటిలో ఏదో ఒకటి చూపించగలిగితే ఆ వాక్యాన్ని ఉంచండి. చూపించలేకపోతే తీసేయండి. మిగిలేది మూడు నాలుగు వాక్యాలే కావచ్చు. ఇంటర్వ్యూలో గంటసేపు ఎటు తిప్పి అడిగినా నిలబడేవి అవే.