నీళ్లను ఎక్కడ ఆపాలి?

ఇంట్లో ఫిల్టర్ కాఫీ కలిపేవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. ఫిల్టర్లో పొడి వేసి మరిగిన నీళ్లు పోస్తే మొదట దిగే డికాక్షన్ చిక్కగా, ఘుమఘుమలాడుతూ ఉంటుంది. అదే పొడి మీద రెండోసారి నీళ్లు పోస్తే దిగేది పల్చన. రంగు కొంత ఉన్నా, వాసన తగ్గి చేదు పైకి తేలుతుంది. ఇటలీ కాఫీ బార్లలో వినిపించే రిస్ట్రెట్టో, లుంగో అనే మాటల గుట్టంతా ఇందులోనే ఉంది. మూడో మాట మకియాటోది మాత్రం వేరే దారి.

ముందు ఎస్‌ప్రెస్సో సంగతి చూద్దాం. ఇటలీలో అలవాటైన కొలత ప్రకారం ఒక కప్పుకు సుమారు 7 గ్రాముల మెత్తటి పొడి కావాలి. దాన్ని చిన్న జల్లెడ గిన్నెలో గట్టిగా అదిమి, సుమారు 90 డిగ్రీల వేడి నీటిని 9 బార్ల ఒత్తిడితో దాని గుండా పంపుతారు. పాతిక సెకన్లలో దాదాపు 25 మిల్లీలీటర్ల కాఫీ దిగుతుంది. పైన లేత గోధుమరంగు నురగ తేలుతుంది.

ఆ పాతిక సెకన్లలో ఏం జరుగుతుందో కళ్లతో చూడాలంటే ఒక చిన్న పరీక్ష ఉంది. మెషిన్ కింద మూడు చిన్న కప్పులు సిద్ధంగా పెట్టుకోవాలి. ధార మొదలయ్యాక ఏడెనిమిది సెకన్లకు ఒక కప్పు చొప్పున మార్చాలి. మొదటి కప్పులో పడేది తేనెలా జారే ముదురు ద్రవం. నాలుక మీద వేసుకుంటే పులుపు, ఉప్పదనం ఒక్కసారిగా తగులుతాయి. రెండో కప్పు తేలికగా ఉంటుంది, తీపి తెలుస్తుంది. మూడో కప్పుకు వచ్చేసరికి ధార పాలిపోయి పసుపు రంగుకు తిరుగుతుంది. రుచి పల్చగా, చేదుగా ఉంటుంది. నీటిలో తేలిగ్గా కరిగే ఆమ్లాలు ముందే వచ్చేస్తాయి, నెమ్మదిగా కరిగే చేదు పదార్థాలు వెనక మిగులుతాయి. ఏ కప్పుకా కప్పు తాగితే ఏదీ నచ్చదు. మూడింటినీ కలిపితేనే ఎస్‌ప్రెస్సో.

రిస్ట్రెట్టో అంటే ఇటాలియన్‌లో కుదించినది. పొడి అదే 7 గ్రాములు, కప్పులోకి దిగేది మాత్రం 15 మిల్లీలీటర్లే. మూడో కప్పులో పడే పాలిపోయిన ధార దీనిలోకి రాదు. అందుకే చిక్కగా ఉంటుంది, చేదు తక్కువ. చిక్కగా ఉంది కదా అని కెఫీన్ ఎక్కువనుకోవడం పొరపాటు. నీళ్లు తక్కువగా వెళ్లాయి కాబట్టి మొత్తం మీద కెఫీన్ కాస్త తక్కువే ఉంటుంది. ధారను తొందరగా ఆపేసి ఊరుకుంటే పులుపు మిగిలిపోయే ప్రమాదం ఉంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు పొడిని ఇంకాస్త మెత్తగా ఆడిస్తారు. అప్పుడు నీరు నెమ్మదిగా దిగి, 15 మిల్లీలీటర్లకే దాదాపు అంత సమయం పడుతుంది. పులుపుకు తీపి తోడవుతుంది.

లుంగో అంటే పొడవైనది. అదే పొడి గుండా నీటిని ఇంకా పోనిచ్చి 50 మిల్లీలీటర్ల వరకూ తీస్తారు. ఎస్‌ప్రెస్సోకి రుబ్బిన పొడితోనే ఇలా చేస్తే, చివరి నీళ్లు చేదును పిండుకొస్తాయి. తాగాక నాలుక ఎండినట్టు ఉంటుంది. పొడిని కొంచెం బరకగా ఆడిస్తే నీరు త్వరగా దిగి ఆ బాధ తగ్గుతుంది. దీన్ని అమెరికానోతో కలిపి చూడకూడదు. అమెరికానోలో ఎస్‌ప్రెస్సో దిగిన తర్వాత కప్పులో వేడినీళ్లు కలుపుతారు. ఆ నీళ్లు పొడిని తాకవు కాబట్టి కొత్త చేదేమీ రాదు, ఉన్న కాఫీ పల్చబడుతుందంతే.

మకియాటో అంటే మరక పడినది. ఇక్కడ కాఫీ తీసే పద్ధతి మారదు. తయారైన ఎస్‌ప్రెస్సో మీద చెంచాడు పాలో, పాల నురగో వేస్తారు. నల్లటి కాఫీ నడుమ తెల్లటి మచ్చ పడుతుంది, పేరు దాన్నిబట్టే. ఆ కాసిన్ని పాలతో చేదు పదును తగ్గుతుంది గానీ కాఫీ రుచి మునిగిపోదు. వేడి పాలు కావాలంటే కాల్డో అని, చల్లటివి కావాలంటే ఫ్రెడ్డో అని చేర్చి అడుగుతారు.

దీనికి ముందు లాట్టే అనే మాట చేరిందంటే లెక్క తిరగబడినట్టే. లాట్టే అంటే పాలు. లాట్టే మకియాటో అంటే మరక పడిన పాలు, అంటే గ్లాసెడు వేడి పాలలో ఎస్‌ప్రెస్సో పోసినది. మన దగ్గర కేఫ్‌లలో పెద్ద గ్లాసులో సిరప్ కలిపి మకియాటో పేరుతో ఇచ్చేది చాలావరకు ఈ రెండోదానికే చుట్టం. చిన్న కప్పు కోసం అడిగినవాళ్లకు పెద్ద గ్లాసు వచ్చేది అందుకే. అడిగేముందు ఒక్క ప్రశ్న వేస్తే సరిపోతుంది: మరక పడేది కాఫీ మీదా, పాల మీదా?