వెస్టింగ్

అమెరికాలో ఉద్యోగం మారే మనవాళ్లు ఆఫర్ లెటర్‌లో జీతం చూస్తారు; పాత కంపెనీలో వదిలేసే డబ్బును చూడరు. 401(k) ఖాతాలో మన జీతంలోంచి కోసిన సొమ్ము మొదటి రోజు నుంచే మనది. కంపెనీ కలిపిన వాటా మాత్రం సర్వీసును బట్టి మనదవుతుంది. దాన్నే వెస్టింగ్ అంటారు.

చట్టం ఒప్పుకునే నిదాన పద్ధతిలో రెండేళ్లకు 20 శాతం, మూడేళ్లకు 40, నాలుగేళ్లకు 60, ఇలా ఆరేళ్లకు మొత్తం దక్కుతుంది. మరో పద్ధతిలో మూడేళ్లు నిండేదాకా సున్నా, నిండగానే నూరు శాతం. కొన్ని ప్లాన్లు వెంటనే ఇచ్చేస్తాయి.

నిదాన పద్ధతిలో కంపెనీ వాటా 15,000 డాలర్లకు చేరిందనుకోండి. మూడేళ్ల సర్వీసుతో వెళ్లిపోతే చేతికొచ్చేది 6,000. నాలుగో ఏడు లెక్కకెక్కితే 9,000, ఎందుకంటే శాతం పాత జమలకూ వర్తిస్తుంది. చాలా ప్లాన్లలో ప్లాన్ సంవత్సరంలో 1,000 గంటలు పనిచేస్తే ఏడాది నిండినట్టే. అంటే క్యాలెండర్ చెప్పేదానికంటే ముందే గీత దాటి ఉండొచ్చు! రాజీనామాకు ముందు ఖాతా స్టేట్‌మెంట్లో ‘vested balance’ చూడాలి.

మూడేళ్లకే వెళ్లిపోతే మిగిలే 9,000 ప్లాన్‌లోనే ఉండి, దాని ఖర్చులకో, కంపెనీ తర్వాత కట్టాల్సిన వాటా తగ్గించుకోవడానికో వాడతారు. మన ఈపీఎఫ్‌లో ఈ బెడద లేదు. ఐదేళ్ల మెలిక ఉన్నది గ్రాట్యుటీకి.