రాబడికి రెండు తేదీల సాక్ష్యం చాలదు

2015 మార్చి 31న నిఫ్టీ 50 సూచీ 8,491 దగ్గర ముగిసింది. అయిదేళ్ల తర్వాత, కరోనా భయంతో మార్కెట్లు కుప్పకూలిన 2020 మార్చి ఆఖరి రోజున 8,598 దగ్గరుంది. డివిడెండ్లు కలపకుండా చూస్తే ఏడాదికి పావు శాతం రాబడి! మరో ఏడాది ఆగి, 2021 మార్చి 31న అదే అయిదేళ్ల లెక్క తీస్తే ఏడాదికి 13.7 శాతం వచ్చింది.

ఈ రెండు లెక్కల్లోనూ నాలుగేళ్లు ఉమ్మడే. నిఫ్టీ దాదాపు 9 శాతం పడిన 2015-16 జారిపోయి, 71 శాతం పెరిగిన 2020-21 వచ్చి చేరింది, అంతే. ఆ సూచీని అనుసరించే ఫండ్ కొత్తగా చేసిన ఘనకార్యం ఏమీ లేదు. ప్రకటనల్లో కనిపించే 1, 3, 5 ఏళ్ల రాబడులు ఇలా రెండు తేదీల మధ్య లెక్కలే. వాటినిబట్టి ఫండ్‌ను ఎంచుకోవడం నా దృష్టిలో తొందరపాటు.

రోలింగ్ రిటర్న్స్ ఈ చిక్కు తగ్గిస్తాయి. ఒక రోజు కొని మూడేళ్లు ఉంచితే ఏడాదికెంత వచ్చేదో లెక్కిస్తారు. తర్వాత మర్నాడు కొని ఉంటే ఎంత, ఆ మర్నాడైతే ఎంత అంటూ జరుపుకుంటూ పోతారు. పదేళ్ల ఎన్‌ఏవీలుంటే ఇలా సుమారు 1,700 ఫలితాలు వస్తాయి.

వాటి సగటు చూసి ఆగిపోవద్దు. రెండు ఫండ్ల సగటూ 12 శాతమే అనుకుందాం. ఒకదాని ఫలితాలు 7 నుంచి 17 శాతం మధ్య ఉంటే, రెండోదానివి మైనస్ 5 నుంచి 30 దాకా ఉన్నాయి. మూడేళ్లలో పిల్ల కాలేజీ ఫీజు కట్టాల్సిన తండ్రికి ఆ రెండూ ఒకటి కావు. అందుకే కనిష్ఠం చూడాలి. ఎన్నిసార్లు బ్యాంకు డిపాజిట్ వడ్డీని దాటిందో, డివిడెండ్లు కలిపిన తన ప్రామాణిక సూచీని ఎన్నిసార్లు మించిందో చూడాలి. పోల్చే ఫండ్లన్నిటికీ ఒకే కాలం, ఒకే రకం ప్లాన్ తీసుకోవాలి. రెగ్యులర్ ప్లాన్‌ను డైరెక్ట్ ప్లాన్‌తో పోలిస్తే కమీషన్ తేడాయే ప్రతిభలా కనిపిస్తుంది.

దీనికీ హద్దులున్నాయి. 1,700 ఫలితాలంటే 1,700 వేర్వేరు సాక్ష్యాలు కావు. పక్కపక్క రోజుల లెక్కల్లో దాదాపు అవే మూడేళ్లు ఉంటాయి. పదేళ్లలో ఒకదానిమీద ఒకటి పడని మూడేళ్ల కాలాలు మూడే. పైగా మొదటి, చివరి నెలలు కొద్ది లెక్కల్లోనే పడతాయి కాబట్టి, ఈమధ్యే ఫండ్ దిగజారుతుంటే సగటులో అది ఆలస్యంగా తెలుస్తుంది. ఫండ్ మేనేజర్ మారి ఉంటే పాత ఫలితాలు ఇప్పుడున్నవారివి కావు. కాబట్టి రోలింగ్ పట్టిక చూసేటప్పుడు మేనేజర్ ఏ తేదీన వచ్చారో కూడా ఫ్యాక్ట్‌షీట్‌లో చూసుకోండి.