ముక్కలుగా పెంచిన బొమ్మలో అతుకులు ఎందుకు కనిపిస్తాయి

ఒక అపార్ట్‌మెంట్ భవనం త్రీడీ రెండర్‌ను 1920×1080 సైజులో తీసి, పెద్ద హోర్డింగ్ కోసం పొడవునా వెడల్పునా నాలుగు రెట్లు పెంచాలనుకుంటే అది 7680×4320 అవుతుంది, అంటే దాదాపు 3.3 కోట్ల పిక్సెళ్లు. అదే సైజులో మళ్లీ రెండర్ చేయాలంటే పదహారు రెట్ల పిక్సెళ్లు లెక్కగట్టాలి. అందుకే చిన్న సైజులో రెండర్ తీసి, న్యూరల్ నెట్‌వర్క్‌తో పెంచుకోవడం వాడుకలోకి వచ్చింది. దీన్నే అప్‌స్కేలింగ్ అంటారు.

చిక్కు గ్రాఫిక్స్ కార్డు మెమరీ దగ్గర వస్తుంది. 2021లో వచ్చిన రియల్-ఈఎస్ఆర్‌గ్యాన్ మోడల్ తన చివరి పొరల్లో ప్రతి పిక్సెల్‌కూ 64 అంకెలు పట్టుకుని ఉంటుంది. ఒక్కో అంకెకు రెండు బైట్లు వేసుకున్నా, 3.3 కోట్ల పిక్సెళ్లకు ఒక్క పొర ఫలితమే 4 జీబీ దాటుతుంది. ఒక పొర పనిచేసేటప్పుడు లోపలికి వెళ్లేదీ, బయటికి వచ్చేదీ రెండూ మెమరీలో ఉండాలి కాబట్టి 8 జీబీ కార్డు అక్కడే చేతులెత్తేస్తుంది. అందుకని బొమ్మను ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ విడిగా పెంచి, తిరిగి కూర్చుతారు. అతుకులు పుట్టేది ఈ కూర్పులోనే.

నెట్‌వర్క్ ఒక పిక్సెల్‌ను పెంచేటప్పుడు దాని చుట్టుపక్కల పిక్సెళ్లను కూడా చూస్తుంది. ముక్క అంచుకు వచ్చేసరికి అవతల ఏముందో దానికి తెలియదు, ఆ చోటును సున్నాలతో నింపుకుంటుంది. ఈ తప్పు ఒక్కో పొర దాటేకొద్దీ కాస్త కాస్త లోపలికి పాకుతుంది. రియల్-ఈఎస్ఆర్‌గ్యాన్ పెద్ద మోడల్‌లో ఇలాంటి పొరలు మూడు వందలకు పైనే ఉన్నాయి. కాగితం మీద లెక్కవేస్తే తప్పు మూడు వందల పిక్సెళ్లకు పైగా లోపలికి రావాలి, కానీ కంటికి ఆనేది అంచు దగ్గరి కొద్దిపాటి మేరలోనే. కాబట్టి ముక్కను కావలసినదానికన్నా కొంచెం పెద్దగా కోసి, పెంచాక ఆ అదనపు అంచును పారేస్తే సరిపోతుంది. ఈ ప్రోగ్రాం మామూలుగా 10 పిక్సెళ్ల అంచు ఉంచుతుంది. ఇటుక గోడ, జాలీ, పచ్చిక లాంటి సన్నని పనితనం ఉన్న రెండర్‌కు 32 ఉంచుకోవడం మేలు.

```
python inference_realesrgan.py -n RealESRGAN_x4plus -i render.png -s 4 -t 540 --tile_pad 32
```

ఇందులో 540 అన్నది ఊరికే వేసింది కాదు. ముక్క సైజు 512 అయితే 1080 ఎత్తులో రెండు వరుసలు పోగా అడుగున 56 పిక్సెళ్ల పీలిక మిగులుతుంది. చుట్టూ చూసుకోవడానికి చోటు తక్కువైన పీలికలో ఫలితం నాసిగా రావచ్చు. 540 అయితే సరిగ్గా రెండు వరుసలు, నాలుగు నిలువు వరుసలు, మొత్తం ఎనిమిది ముక్కలు. ఇక్కడ ముక్కలను ఒకదానిలో ఒకటి కలిపి నునుపు చేయాల్సిన పనిలేదు. ఒకే పిక్సెళ్లు ఇస్తే ఈ నెట్‌వర్క్ ఎన్నిసార్లయినా ఒకే జవాబు ఇస్తుంది, కాబట్టి తగినంత అంచు ఉంటే పక్కపక్క ముక్కలు వాటంతట అవే కలుస్తాయి.

స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడల్‌తో పెంచితే కథ మారుతుంది. ఇది ఉన్న వివరాన్ని పదును పెట్టి ఊరుకోదు, బొమ్మ మీద కొంత నాయిజ్ చల్లి, దాన్ని తుడుస్తూ కొత్త వివరాన్ని కల్పిస్తుంది. గోడకు గరుకుదనం, చెట్టుకు ఆకులు అలా వస్తాయి. ఎంత నాయిజ్ చల్లాలో డీనాయిజ్ అంకె చెబుతుంది. నాలుగు రెట్లు పెంచిన పై బొమ్మను 1024 పిక్సెళ్ల చదరాలుగా, ఒకదాని మీదికి ఇంకొకటి వచ్చేలా కోయవచ్చు. అడ్డంగా 832, నిలువుగా 824 పిక్సెళ్లకొకటి చొప్పున జరిపితే ఏ పీలికా మిగలకుండా తొమ్మిది నిలువు వరుసలు, ఐదు అడ్డ వరుసలు, మొత్తం 45 ముక్కలు వస్తాయి. పక్క ముక్కతో 192 పిక్సెళ్లు, కింది ముక్కతో 200 పిక్సెళ్లు ఉమ్మడిగా ఉంటాయి.

మచ్చలు తిరిగి తిరిగి రావడం అనే జబ్బు ఇక్కడే మొదలవుతుంది. నాయిజ్ అనేది సీడ్ అనే అంకె నుంచి పుడుతుంది. 45 ముక్కలకూ ఒకే సీడ్ ఇస్తే అన్నింటి మీదా అచ్చంగా ఒకే నాయిజ్ పడుతుంది. కిటికీలు, చెట్లు ఉన్నచోట బొమ్మే బలంగా ఉంటుంది కాబట్టి అది తెలియదు. ఖాళీ ప్లాస్టరింగ్ గోడ, సాయంకాలపు ఆకాశం లాంటి చోట్ల మోడల్‌కు ఆధారం నాయిజే. అందుకే గోడ మీద అదే మరక ప్రతి 832 పిక్సెళ్లకూ మళ్లీ కనిపిస్తుంది. పోనీ ముక్కకో సీడ్ ఇద్దామంటే మరక పునరావృతం పోతుంది కానీ అతుకు తయారవుతుంది. ఉమ్మడి భాగంలో ఒక ముక్క ఒక రకం గరుకు గీస్తే, పక్క ముక్క ఇంకో రకం గీస్తుంది.

రెంటికీ ఒకటే మందు ఉంది. నాయిజ్‌ను ముక్కకు కాకుండా బొమ్మలోని స్థానానికి కట్టేయాలి. ఈ మోడల్ లోపల బొమ్మ ఎనిమిదో వంతుకు కుదించి ఉంటుంది కాబట్టి 960×540 సైజులో మొత్తం బొమ్మకు ఒకేసారి నాయిజ్ తయారుచేసి, ఏ ముక్కకు ఆ చోటు భాగాన్ని కోసి ఇవ్వాలి. అప్పుడు ఏ రెండు ముక్కలకూ నాయిజ్ ఒకేలా ఉండదు, ఉమ్మడి భాగంలో మాత్రం అక్షరాలా ఒకటే అవుతుంది. ముక్కల సైజులు ఎనిమిదితో భాగించబడాలనేదీ ఇందుకే.

అయినా రెండు ముక్కలు చూసే పరిసరం వేరు కాబట్టి జవాబులు కొంచెం తేడాగానే వస్తాయి. చాలామంది అక్కడ ఒక ముక్కను క్రమంగా పలచబరుస్తూ ఇంకోదాన్ని క్రమంగా చిక్కబరుస్తారు. గీత పోతుంది కానీ దాని చోట మసక పట్టీ ఒకటి వస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధంలేని రెండు గరుకులను సగం సగం కలిపితే ఆ గరుకు బలం సుమారు 70 శాతానికి పడిపోవడమే కారణం. అంటే ఉమ్మడి భాగాన్ని వెడల్పు చేసినంత మాత్రాన లాభం లేదు, మసక ఇంకా వెడల్పవుతుంది. కలపడం అనేది అన్నీ గీసేశాక కాక, నాయిజ్ తుడిచే ప్రతి మెట్టులోనూ జరగాలి. 2023లో వచ్చిన మల్టీడిఫ్యూజన్ చేసేది ఇదే. ప్రతి మెట్టులో పక్క ముక్కల సగటు తీసి ముందుకు పోతుంది కాబట్టి అవి రాజీకి వచ్చి ఒకే గరుకు దగ్గర స్థిరపడతాయి.

ప్రాంప్ట్ కూడా అదే పునరావృతానికి ఇంకో దారి. “బాల్కనీలున్న పది అంతస్తుల భవనం” అని రాస్తే ప్రతి ముక్కకూ అదే ఆదేశం వెళ్తుంది. డీనాయిజ్ 0.5 దాటితే ఆకాశం ముక్కలో కూడా బాల్కనీ మొలవవచ్చు. పెంచేటప్పుడు ప్రాంప్ట్‌లో వస్తువుల పేర్లు తీసేసి పదును, వెలుతురు గురించి మాత్రమే రాయాలి, డీనాయిజ్ 0.2–0.35 మధ్య ఉంచాలి. ముక్క అసలు రూపాన్ని పట్టి ఉంచే కంట్రోల్‌నెట్ టైల్ మోడల్ వాడితే ఇంకొంచెం పైకి వెళ్లవచ్చు.

గీతలు పోయాక కూడా ఆకాశం గళ్లు గళ్లుగా కనిపిస్తే అది రంగు తేడా. ఒక్కో ముక్క సగటు వెలుతురు రవ్వంత మారినా, మెల్లగా ముదిరే రంగులో కన్ను పట్టేస్తుంది. పెంచిన బొమ్మను బాగా మసకబరిచి ఆ మసకను దానిలోంచి తీసేసి, అసలు రెండర్ మసకను ఆ స్థానంలో కలిపితే రంగులు అసలుకు తిరిగి వస్తాయి, కొత్త వివరం అలాగే ఉంటుంది.

పరీక్షించడానికి స్క్రీన్ మీద జూమ్ చేసి వెతకడం కన్నా నమ్మకమైన పద్ధతి ఉంది. ఫోటోషాప్‌లోగానీ గింప్‌లోగానీ పెంచిన బొమ్మ లేయర్‌ను నకలు తీసి, అడ్డంగా 832 పిక్సెళ్లు జరిపి, డిఫరెన్స్ మోడ్‌లో పెట్టాలి. రెండు ముక్కల్లో ఒకే మరక ఉంటే అది నల్లటి ఆకారంగా తేలుతుంది. ఇదే పనిని 700 జరిపి కూడా చూడాలి. అప్పుడు ఆ ఆకారం మాయమైతే తప్పు ముక్కలదే. వేరే ఏ దూరానికైనా అలాంటి ఆకారం తేలితే, పచ్చికకో ఇటుకకో త్రీడీ ఫైల్లో వేసిన టెక్స్చర్ బొమ్మే అంత దూరానికొకసారి తిరిగి వస్తోందన్నమాట. దాన్ని బ్లెండర్‌లోనే సరిచేసి మళ్లీ రెండర్ తీయాలి, అప్‌స్కేలర్ సెట్టింగులు ఎంత మార్చినా పోదు.